రోమన్ అక్షరాల్లో రాయలసీమ మాట: కర్నూలు, కడప దుకాణాల బోర్డులపై పాఠనిర్ణయం

కర్నూలు నుంచి కడప వైపు సాగే రహదారి పక్కన ఉన్న భోజనశాలల బోర్డుల మీద RAGI SANGATI, NATU KODI PULUSU అన్న మాటలు తరచు కనిపిస్తాయి. చాలా చోట్ల ఈ మాటలకు తెలుగు లిపిలో జంట వాక్యం ఉండదు. ఈ ప్రాంతం వారు ఆ మాటను ఆగకుండా చదివేస్తారు. ఆ చదువు వెనుక ఎంత తెలివి పనిచేస్తున్నదో తెలియాలంటే అక్షరాలను విడదీసి చూడాలి. SANGATI లోని మొదటి A అకారం కావచ్చు, ఆకారం కావచ్చు. రెండో A కూడా అంతే. T తకారమో టకారమో కావచ్చు. చివరి I హ్రస్వమో దీర్ఘమో కావచ్చు. మహాప్రాణాలను పక్కన పెట్టినా నాలుగు స్థానాల్లో రెండేసి చొప్పున పదహారు పాఠాలు ఏర్పడతాయి. వాటిలో పదమూడు అర్థం లేని అక్షరసముదాయాలు. మిగిలినవి మూడు: సంగతి, సంగటి, సంగాతి. మూడోది చెలికాడు, తోడు అనే అర్థంలో ప్రాచీన తెలుగులో ఉంది. ఆదోని పక్కనున్న కన్నడంలో నేటికీ వాడుకలో ఉంది. బోర్డు రాయించినవాడు ఉద్దేశించిన మాట ఈ మూడింటిలో ఏది, దాన్ని ఏ ఆధారాలతో నిర్ణయించాలి అన్నదే ఈ వ్యాస విషయం.

మన సాహిత్య పరిశోధనకు ఇది కొత్త సమస్య కాదు. పాత శాసనాల్లో ఎ-ఏ, ఒ-ఓల భేదాన్ని లిపి చూపనప్పుడు చదివేవారు సందర్భాన్ని బట్టి మాటను నిర్ణయించుకున్నారు. తాళపత్ర కావ్యాల పరిష్కర్తలకు గణం, యతి, ప్రాస తోడు నిలిచాయి. గురువు ఉండవలసిన చోట లఘువు పడితే పాఠం తప్పిందని ఛందస్సే చెబుతుంది. దుకాణం బోర్డుకు ఛందస్సు లేదు. అక్కడ ఆ పని చేయగలిగినవి మరికొన్ని ఉన్నాయి. వాటిని గుర్తించకుండా రోమన్ అక్షరాలను తెలుగులోకి మార్చే రెండు పద్ధతులు ఇప్పుడు వాడుకలో ఉన్నాయి. రెండూ ఈ ప్రాంతపు మాటల విషయంలో దారి తప్పిస్తాయి.

మొదటిది అక్షరానికి అక్షరం పెట్టే పట్టిక. కంప్యూటర్ మీద తెలుగు రాయడానికి 1990ల నుంచి వాడిన ఆర్.టి.ఎస్. పద్ధతిలో చిన్న t తకారానికి, పెద్ద T టకారానికి, చిన్న d దకారానికి, పెద్ద D డకారానికి సంకేతాలు. టైపు చేసేవారు ముందుగా ఒప్పుకున్న నియమం కనుక అక్కడ సందేహానికి తావులేదు. బోర్డులను మాత్రం అన్నీ పెద్దక్షరాలతోనే రాయిస్తారు. పట్టిక ఆధారపడే భేదం అక్కడ మొదటే చెరిగిపోయింది. అంతకన్నా ముఖ్యమైన విషయం, బోర్డు రాయించినవాడు ఏ పట్టికనూ అనుసరించలేదు. తనకు బడిలో అలవాటైన ఇంగ్లీషు చదువు ప్రకారం తన మాట ఎలా వినబడుతుందో అలా రాయించాడు.

రెండోది వ్యాప్తిని బట్టి ఎన్నుకునే పద్ధతి. పత్రికల్లో, పుస్తకాల్లో ఎక్కువసార్లు కనిపించే రూపమే ఉద్దేశించిన రూపమని ఇది భావిస్తుంది. ముద్రిత తెలుగులో సంగటి కన్నా సంగతి ఎన్నో రెట్లు ఎక్కువగా కనిపిస్తుంది. కాబట్టి ఈ పద్ధతికి SANGATI ఎప్పుడూ సంగతే అవుతుంది. రాగి అనే మాటకు లోహార్థం కూడా ఉంది కనుక ‘రాగి సంగతి’ అన్న పాఠం కడపలో ఏ పాత్రల అంగడి ముందైనా చెల్లుతుందేమో కాని, భోజనశాల ముందు చెల్లదు. నవ్వు తెప్పించే ఉదాహరణే అయినా ఇందులో నష్టం చిన్నది కాదు. సంగటి, ఉగ్గాని, బొరుగులు వంటి మాటలు ఈ రెండు జిల్లాల్లో నిత్యం నోట పలుకుతున్నా ముద్రణలో అరుదు. అవి బహిరంగంగా రాతకెక్కే కొద్ది చోట్లలో భోజనశాల బోర్డు ఒకటి. అక్కడా అవి రోమన్ లిపిలో ఉండి, వాటిని తెలుగులోకి తేవడంలో ముద్రిత భాషనే కొలబద్దగా వాడితే, మాండలికానికి దొరికిన లిఖిత సాక్ష్యాన్ని మన చేతులతో మనమే తుడిచేసినట్లవుతుంది.

బోర్డుల వర్ణక్రమంలో అసలు ఏ అక్షరం దేనికి నిలుస్తుందో తెలుసుకోవడానికి ముందుగా ఉద్దేశిత రూపం సందేహం లేకుండా తెలిసిన మాటలు కావాలి. అలాంటివి మన కళ్లెదుటే ఉన్నాయి: ఊళ్ల పేర్లు. రైల్వే స్టేషన్ పలకల మీద, రహదారి పలకల మీద అవి రెండు లిపుల్లోనూ పక్కపక్కన ఉంటాయి. వాటిని వరుసగా చూస్తే సాధారణంగా నమ్మే సూత్రాలు కొన్ని నిలవవు. ADONI లో D దకారం, KADAPA లో అదే D డకారం. PRODDATUR లో DD ద్విత్వ దకారం. ALLAGADDA లో DD ద్విత్వ డకారం. పాత రాత CUDDAPAH లో DD ద్విత్వమే కాదు, ఒంటి డకారం. హకారం చేర్చి DH రాస్తే అది దకారమని చాలామంది అనుకుంటారు. కర్నూలు ప్రాంతంలోనే పేరున్న రైల్వే కూడలి DHONE ను తెలుగులో డోన్ అని రాస్తాం. TADIPATRI లో మొదటి T, చివరి T రెండూ తకారాలు. RAYACHOTI లో T టకారం. GOOTY లో ఒంటి T గుత్తిలోని ద్విత్వ తకారానికి, OO హ్రస్వ ఉకారానికి నిలిచాయి. KURNOOL లో అదే OO దీర్ఘ ఊకారం.

ఈ పేర్లలో మరో పొర కూడా కనిపిస్తుంది. CUDDAPAH, KURNOOL, ఒకప్పుడు కర్నూలు జిల్లాలో భాగమైన CUMBUM, ఈ మూడింటిలోనూ U అకారానికి నిలిచింది. ఇంగ్లీషువాడు తన భాషలో U ను పలికే తీరులో కడప, కర్నూలు, కంభం పేర్లను విని రాసిన రాత ఇది. తెలుగువాడు తన మాటను తానే రోమన్ లిపిలో రాస్తే అకారానికి U వాడడు, A వాడతాడు. 2005లో ప్రభుత్వం CUDDAPAH ను KADAPA గా మార్చడంతో ఒక రాత అలవాటు నుంచి మరో అలవాటుకు అధికారికంగా మారినట్లయింది. వ్యాపారంలో మాత్రం పాతది పోలేదు. బండల వ్యాపారుల బోర్డుల మీద CUDDAPAH ఇంకా ఉంది; పొరుగు రాష్ట్రాల్లో అదే రాయి KADAPPA అన్న పేరుతో అమ్ముడవుతున్నది. పాత వ్యాపారసంస్థ పేరును చదివేటప్పుడు U ను ఉకారమని తొందరపడకూడదని, కొత్త బోర్డులో అలాంటి అనుమానం అక్కరలేదని దీనివల్ల తెలుస్తుంది. బోర్డు వయస్సు కూడా పాఠనిర్ణయానికి ఆధారమే.

అయితే ఊళ్ల పేర్లు చేసే ప్రధానమైన మేలు మరొకటి. D, T అక్షరాలకు ఈ ప్రాంతం మొత్తానికి వర్తించే విలువ ఏదీ లేదని అవి నిరూపిస్తాయి. ఆ విలువను వెతకవలసింది ప్రాంతంలో కాదు, ఒక్కొక్క బోర్డులో. ఒకరు ఒకేసారి రాయించిన బోర్డు మీది రాత సాధారణంగా ఒకే అలవాటును పాటిస్తుంది. ఆ అలవాటును కనిపెట్టడానికి బోర్డు మీద ఒక్క తాళపుచెవి దొరికితే చాలు. తెలుగులో ఒకే ఒక్క సజీవ పాఠం గల మాటను ఇక్కడ తాళపుచెవి అంటున్నాను.

ముందు చెప్పిన బోర్డుకే తిరిగి వద్దాం. NATU ను నటు, నతు, నాతు అని చదివితే ఏదీ స్వతంత్రమైన మాట కాదు. నాటు ఒక్కటే మాట. ఈ నిర్ణయానికి పక్కనున్న KODI సాయం కూడా అవసరం లేదు. కాబట్టి ఒక సందేహాన్ని మరో సందేహంతో తీర్చుకున్నామన్న దోషం దీనికి అంటదు. ఈ రాయించినవాడి చేతిలో హకారం లేని T టకారానికి నిలుస్తుందని NATU తేల్చింది. అదే బోర్డు మీద VANTALU ఉంటే అది రెండో తాళపుచెవి. ఇక తకారాన్ని అతను ఎలా రాస్తాడో చూడాలి. KOTHA RUCHULU అనో, THINDI అనో ఉంటే తకారానికి TH వాడుతున్నాడని తేలుతుంది. తకారానికి TH, టకారానికి T వేరువేరుగా వాడే మనిషి సంగతి అన్న మాటను రాయవలసి వస్తే SANGATHI అని రాసేవాడు. రాయలేదు కనుక అది సంగటి. బోర్డు మీది ఆహారపదార్థాల ప్రసక్తి లేకుండానే, కేవలం రాత అలవాటు ఆధారంగా ఈ నిర్ణయానికి వచ్చాం. ఆ తరువాత RAGI తో పొత్తు కుదరడం దాన్ని బలపరుస్తుంది.

అదే బోర్డు మీద THINDI కి బదులు TINDI ఉంటే ఏమవుతుంది? అప్పుడు T రెండు వర్ణాలకూ నిలిచినట్లే. తాళపుచెవి పనిచేయదు, పదాల పొత్తు, దుకాణం వృత్తి మాత్రమే మిగులుతాయి. వాటి బలం తక్కువేమీ కాదు. PATTI అన్న మాట ఆదోని మార్కెట్ దగ్గర కనిపిస్తే పత్తి, ప్రొద్దుటూరు నగల వీధిలో కనిపిస్తే కాలికి పెట్టుకునే పట్టీ. కాని ఇలా నిర్ణయించినప్పుడు అది రాత నుంచి వచ్చిన నిర్ణయం కాదని, సందర్భం నుంచి వచ్చినదని పరిశోధకుడు విడిగా చెప్పాలి. రెండింటి ప్రామాణ్యం ఒకటి కాదు.

హిందీ, ఉర్దూల నుంచి వచ్చిన మాటలు ఈ లెక్కను కొంత చెదరగొడతాయి. తకారానికి TH రాసే బోర్డు మీదనే MITHAI ఉండవచ్చు. అక్కడ TH తకారం కాదు, ఠకారం. THALI కూడా భోజనపు పళ్లెమే అయితే థకారం; పెళ్లి సామాను అమ్మే చోట తాళి. ఇలాంటి మాటల రాత దేశమంతటా స్థిరపడి ఉంటుంది. దాన్ని రాయించినవాడి సొంత అలవాటుగా లెక్కించకూడదు.

ఈ చివరి మాటను కొంచెం విస్తరించాలి. రోమన్ రాత ఏ విషయంలో సాక్షి, ఏ విషయంలో మూగ అన్న వివేచన లేకుండా ఈ పని సాగదు. సంగటి ఉదాహరణే తీసుకుంటే, నిఘంటువుల్లో సంకటి అన్న రూపం ఉంది. బోర్డు మాట భోజనమేనని గుర్తించిన పండితుడు కూడా దాన్ని సంకటిగా సంస్కరించే అవకాశం ఉంది. అది అనుచితం. T విషయంలో రోమన్ లిపి మూగది. త-ట భేదాన్ని చూపే అక్షరం దానికి లేదు. K-G విషయంలో మూగది కాదు. కకారం పలికేవాడికి K అందుబాటులోనే ఉంది. అయినా G రాశాడంటే గకారం పలికాడు కనుకనే. SANGATI లోని G రాయించినవాడి నోటికి నేరుగా సాక్ష్యం. SANKATI అని ఉన్న బోర్డు ఎదురైతే దాన్ని సంకటిగానే తీసుకోవాలి. రెంటినీ ఒకటిగా కలపకూడదు. రెండు రూపాలూ ఏ ఏ మండలాల్లో రాతకెక్కుతున్నాయో పటం మీద గుర్తిస్తే వాటి సరిహద్దును గురించి ఏమైనా చెప్పగలుగుతాం. కలిపేస్తే చెప్పలేం.

ఇదే కొలతతో JONNA ROTTE, JONNA ROTTI అన్న రెండు రాతలను వేరుగా ఉంచాలి. చివరి అచ్చు విషయంలో రోమన్ లిపికి E, I రెండూ ఉన్నాయి కనుక రొట్టె, రొట్టి రెండూ నిజమైన ఉచ్చారణలకు గుర్తులు కావచ్చు. KARAM DOSA లోని DOSA కు మాత్రం ఆ విలువ లేదు. అది దేశమంతటా ఇంగ్లీషులో స్థిరపడిన రాత. కడపవాడు దోసె అన్నా దోశ అన్నా బోర్డు మీద DOSA అనే ఉంటుంది. ఒకే బోర్డు మీద పక్కపక్కనున్న రెండు మాటల్లో KARAM రాయించినవాడిది, DOSA లోకానిది. VUGGANI వంటి రాతల్లోని V కూడా విచారించి చూడవలసినదే. ఒంటిమిట్టను VONTIMITTA అని, ఎమ్మిగనూరును YEMMIGANUR అని రాయడం ఈ ప్రాంతంలో పాత అలవాటు. ఒకార, ఉకారాల ముందు V, ఎకారం ముందు Y చేర్చే ఆ అలవాటే ఇక్కడా ఉంది. కాబట్టి UGGANI, VUGGANI రెండు మాటలు కావు. రెంటికీ ఉద్దేశిత రూపం ఉగ్గానియే.

ఇంతవరకు ఉద్దేశిత పదం ఒకటే ఉందని, దాన్ని కనుక్కోవడమే పని అని భావించాం. MANDI దగ్గర ఆ భావనకే చిక్కు వస్తుంది. కర్నూలులో ఉల్లిగడ్డల వ్యాపారం జోరుగా సాగే చోట MANDI అంటే టోకు బజారు, మండీ. ఇది ఉత్తరాది మాట. మూర్ధన్య డకారమే దాని అసలు వర్ణం. కర్నూలులోనూ కడపలోనూ భోజనశాలల మీద కనిపించే MANDI వేరు. అది అరబ్బు దేశాల మాంసం-అన్నం వంటకం. కడప, రాజంపేట, రాయచోటి ప్రాంతాల నుంచి కువైట్ వంటి గల్ఫ్ దేశాలకు పనికి వెళ్లి వచ్చినవారు ఎందరో ఉన్నారు కనుక ఇక్కడి వారికి ఆ వంటకం పరాయిది కాదు. అరబ్బీలో ఆ మాటలోని వర్ణం డకారం కాదు. మన దకారానికి దగ్గరిది. ఇక తెలుగులో మంది అంటే జనం. ఒకే రాత కింద మూడు భాషల మూడు మాటలు ఇలా చేరాయి.

మొదటి రెంటినీ విడదీయడానికి ఈ పట్టణాల్లో ఒక గట్టి ఆధారం దొరుకుతుంది. ఉర్దూ మాట్లాడేవారు ఎక్కువగా ఉన్న వీధుల్లో బోర్డు మీద ఉర్దూ వాక్యం కూడా ఉంటుంది. ఉర్దూ లిపిలో దాల్ అక్షరం దకారం. దాని నెత్తిన చిన్న తోయ్ గుర్తు పెడితే డకారం. త-ట భేదాన్నీ ఆ గుర్తే చూపుతుంది. రోమన్ లిపి దాచిన భేదాన్ని దాని పక్కనున్న ఉర్దూ వాక్యం బయటపెడుతుంది. నెత్తిన గుర్తు ఉంటే బజారు, లేకపోతే వంటకం. ఆదోని వైపు కన్నడ వాక్యం ఉన్న బోర్డులకూ ఇదే ఉపయోగం. దుకాణాల బోర్డులను ఛాయాచిత్రాలు తీసేటప్పుడు ఇతర భాషల వాక్యాలను కత్తిరించి తెలుగు మాట ఉన్న భాగాన్ని మాత్రమే దాచుకునే అలవాటు మనలో ఉంది. అది మంచిది కాదు. తెలుగు మాటకు కావలసిన సాక్ష్యం తరచు ఆ కత్తిరించిన భాగంలోనే ఉంటుంది.

చిక్కు దీని తరువాత మొదలవుతుంది. ఆ వంటకం పేరును తెలుగు లిపిలో రాసినప్పుడు చాలాచోట్ల ‘మండి’ అనే రాస్తున్నారు. పక్కనే ఉన్న ఉర్దూ వాక్యంలో గుర్తు లేని దాల్ ఉన్నా తెలుగు వాక్యంలో డకారం కనిపించవచ్చు. మాట చెవి ద్వారా కాక MANDI అన్న రాత ద్వారా తెలుగులోకి వచ్చిందనడానికి ఇది ఆనవాలు. రోమన్ రాతను తెలుగువాడు తన అలవాటు ప్రకారం చదివాడు. ఆ చదువే కొత్త మాటకు ఉచ్చారణ అయింది. మంది అన్న రూపం అప్పటికే జనం అనే అర్థంలో స్థిరపడి ఉండడం, మండీ అన్న బజారు పేరు చెవికి పరిచయమై ఉండడం కూడా ఇందుకు తోడ్పడి ఉంటాయని నా అభిప్రాయం. నిప్పుల వేడి మీద వండే ఈ వంటకానికి మండి అన్న పేరు మండు ధాతువు నుంచే వచ్చిందని రేపు ఎవరైనా వ్యుత్పత్తి చెప్పినా ఆశ్చర్యపోనక్కరలేదు.

మరి ఉద్దేశిత పదం ఏది? అరబ్బీ మూలాన్ని చూసి తెలుగు వాక్యంలోని మండిని తప్పుగా లెక్కించి మందీ అని దిద్దడం సరైనదని అనుకోను. పలక మీద ఉన్నది ఒకే మాట కాదు. ఉర్దూ వాక్యం రాయించినవాడు దకారంతో ఉన్న మాటను ఉద్దేశించాడు. తెలుగు వాక్యం, దాన్ని చదివి లోపలికి వచ్చి అడిగే తెలుగువాడు డకారంతో ఉన్న మాటను ఉద్దేశించారు. రోమన్ వాక్యం ఇద్దరికీ సరిపోతుంది. బహుశా బోర్డుల మీద రోమన్ రాత ఇంతగా నిలదొక్కుకోవడానికి ఒక కారణం ఈ సౌకర్యమే. పదకోశంలో తెలుగు ఆరోపం మండి అనే ఉండాలి. మూలరూపం దాని వివరణలో రావాలి.

తాళపుచెవి లేక, పొత్తు లేక, పక్క వాక్యమూ లేక ఒంటరిగా నిలిచే బోర్డులు కొన్ని మిగులుతాయి. KOTA VASTRALAYAM అటువంటిది. VASTRALAYAM లో T తకారం కనుక ఈ బోర్డు తకారానికి TH వాడదు. కాబట్టి KOTA కోట కావచ్చు. GOOTY లో లాగా ద్విత్వాన్ని ఒంటి అక్షరంతో రాసి ఉంటే కొత్త కూడా కావచ్చు. కోట అయితే అది దుకాణం దగ్గరి దుర్గమా, యజమాని ఇంటిపేరా అన్నది రాత చెప్పలేదు. బట్టల కొట్టుకు రెండు పాఠాలూ అతుకుతాయి. ఇలాంటి చోట లోపలికి వెళ్లి అడగడం ఒక్కటే మార్గం. అడిగేటప్పుడు ‘ఇది కోటా, కొత్తా?’ అని రెండు రూపాలు అందించి అడిగితే పరిశోధకుడి ఉచ్చారణనే చెప్పేవాడు తిరిగి పలికే ప్రమాదం ఉంది. ‘మీ అంగడి పేరేమి?’ అని అడిగి, వచ్చిన జవాబును విన్నది విన్నట్లు రాసుకోవాలి.

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన వ్యవసాయ వృత్తి పదకోశం ఏ మాట ఏ ప్రాంతంలో వినబడిందో మాట పక్కనే చూపింది. బోర్డుల మాటలకు ఆ క్రమశిక్షణ సరిపోతుంది కాని ఒక గడి అదనంగా కావాలి. నేను వాడుతున్న చీటీలో మొదటి వరుస బోర్డు మీది రాత, ఒక్క అక్షరం మార్చకుండా, రెండోది దుకాణంలో వినబడిన రూపం, మూడోది నిఘంటురూపం, నాలుగోది నిర్ణయానికి ఆధారం రాతా, పొత్తా, పక్క వాక్యమా, జవాబా అన్నది. మన ఉదాహరణకు ఆ చీటీ ఇలా ఉంటుంది: SANGATI, సంగటి, సంకటి, ఆధారం రాత, తాళపుచెవి NATU. KOTA కు రెండో వరుస నిండేవరకు నాలుగోది ఖాళీగానే ఉంటుంది.